కుర్చీ పోయింది, నీడ మిగిలింది

మా పెదనాన్న షష్టిపూర్తి ఫోటోలో దంపతుల పక్కన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఉండిపోయింది. ఫొటోషాప్‌లో కూర్చుని నేనే దాన్ని చెరిపేశాను. ఫోన్‌కి పంపితే పెద్దమ్మ చూసి, "అక్కడ కుర్చీ ఉండేదంటే ఎవరూ నమ్మర్రా" అంది. ఆ మెప్పుతోనే 20x30 అంగుళాల ప్రింటు వేయించి, ఫ్రేము కట్టించి హాల్లో తగిలించాం. వారం తిరక్కుండా మనవరాలు వేలు పెట్టి అడిగింది: "తాతయ్య పక్కన ఈ రెండు గీతలేంటి?" కుర్చీ కాళ్ల నీడలవి.

ఫోన్ ఎందుకు మోసం చేసిందో లెక్క వేసి చూశాను. మా ఫోటో వెడల్పు 6000 పిక్సెళ్లు, ఎత్తు 4000. ఫోన్ తెర వెడల్పు 1080. అంటే ఫోటోలోని ముప్పై పిక్సెళ్లదాకా కలిసి తెర మీద ఒక్క చుక్క అవుతాయి. 20 పిక్సెళ్ల వెడల్పున్న గీత తెర మీద పావు మిల్లీమీటరు. అదే గీత గోడ మీది ప్రింటులో రెండున్నర మిల్లీమీటర్లు, అంటే పెన్సిల్ ముల్లు కన్నా లావు. పంపేటప్పుడు మెసేజీ యాప్ ఫోటోను ఇంకా కుదించి ఉంటే చెప్పేదేముంది!

సరే, కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే చాలు కదా అనుకున్నాను. రెండోసారి Ctrl+1 నొక్కి నూరు శాతంలో పెట్టాను. ఇక్కడ ఫోటోలోని ఒక పిక్సెల్‌కి తెర మీద ఒక చుక్క. వెంటనే ఇంకో తప్పు దొరికింది. సాయంత్రపు వెలుతురులో తీసిన ఫోటో కనక గోడ నిండా సన్నటి ఇసుక రాలినట్టు నలుసు ఉంది. నేను క్లోన్ స్టాంప్‌తో పూసిన చోట మాత్రం అది లేదు, వెన్న రాసినట్టు నున్నగా ఉంది. అంచు మెత్తగా ఉన్న బ్రష్‌తో ఒకే చోట మళ్లీ మళ్లీ పూస్తే జరిగేది ఇదే: పొరలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి నలుసు మాయమవుతుంది. మరమ్మతు వేరే లేయర్ మీద చేశాను కాబట్టి బతికిపోయాను. ఆ లేయర్‌కే కొంచెం నాయిస్ కలిపితే చుట్టుపక్కల గోడతో కలిసిపోయింది.

కానీ నూరు శాతానికీ ఒక గుడ్డితనం ఉంది. 1920x1080 మానిటర్ మీద మా ఫోటోలో సుమారు పన్నెండో వంతే ఒకసారికి కనిపిస్తుంది. తోరణంలో ఒక మామిడాకుని నకలు తీసి కుర్చీ వీపు ఉన్నచోట అతికించాను. అసలు ఆకు తెరకి అవతల ఉండిపోవడంతో రెండూ పక్కపక్కన కనపడనే లేదు. Ctrl+0 నొక్కి మొత్తం ఫోటో తెరకు సరిపడా చేశాక, ఒకే చోట చిరిగిన ఆకులు రెండు కవల పిల్లల్లా వేలాడుతున్నాయి! దగ్గరికి వెళ్తే కనపడేవి కొన్నయితే, దూరం జరిగితేనే కనపడేవి కొన్ని. 50 శాతం ఈ రెంటికీ మధ్య మెట్టు. చీర అంచు తెగిందా, కార్పెట్ చారలు వంకర పోయాయా అన్నది నాకు అక్కడే బాగా తెలిసింది. నీడల కోసం ఇంకో చిట్కా ఉంది. పైన ఒక కర్వ్స్ లేయర్ పెట్టి కాంట్రాస్ట్ విపరీతంగా పెంచితే, చెరిపాననుకున్న మరకలన్నీ పైకి తేలతాయి. చూశాక ఆ లేయర్ తీసేయడం మర్చిపోకూడదు.

చివరి మెట్టు కాగితం. మొత్తం ప్రింటు అక్కర్లేదు. 20x30 సైజుకి ఈ ఫోటోలో అంగుళానికి 200 పిక్సెళ్లు వస్తాయి. మరమ్మతు చేసిన చోటు నుంచి 1600x2000 పిక్సెళ్ల ముక్క కత్తిరించి 8x10 కాగితం మీద వేయిస్తే, గోడ మీద ఎంత పెద్దగా ఉండబోతోందో అంతే వస్తుంది. మొత్తం ఫోటోని 8x10లోకి కుదించి చూస్తే పరీక్ష కాదది. ఫోన్ చేసిన తప్పే మళ్లీ చేసినట్టు. ముక్క చేతికి రాగానే జానెడు దూరంలో ఒకసారి, గోడకి అంటించి ఆరడుగుల అవతల నుంచి ఒకసారి, పగటి వెలుగులో చూశాను. కార్పెట్ ముదురు ఎరుపులో, తెర మీద కలిసిపోయినట్టే ఉన్న అతుకు ఒకటి కాగితం మీద కాస్త నల్లగా తేలింది. దాన్నీ సరిచేశాకే రెండో ప్రింటుకి డబ్బు కట్టాను.

మీరు స్టూడియోలో ఫోటోలోంచి ఏదైనా తీయించుకుంటుంటే, పెద్ద ప్రింటుకి ముందు ఆ ఒక్క చోటుని అసలు సైజులో ఒక ముక్క వేసి చూపించమనండి. ఫోన్‌లో చూసి సరేననకండి.