90 రోజుల నోటీసు, నెలలో చేరమనే ఆఫర్

ఆఫర్ లెటర్ వచ్చిన పూట ఇంట్లో సంబరం. జాయినింగ్ డేట్ కనిపించాక మొదలవుతుంది గాభరా. హైదరాబాద్‌లో ఐటీ నియామకాల పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఆ రాత్రి నాకు వచ్చే ఫోన్లు దాదాపు ఒకే మాటతో మొదలవుతాయి: "అక్కా, వాళ్లేమో నెలలో వచ్చి చేరమంటున్నారు, నాకేమో 90 రోజుల నోటీసు ఉంది. ఇప్పుడేం చెయ్యను?"

ఐటీ సర్వీసుల కంపెనీల్లో 90 రోజుల నోటీసు మామూలైపోయింది కాబట్టి ఈ ఇబ్బంది వేలమందిది. చేరే తేదీ కొంచెం జరపమని అడగడం చాలా చిన్న పని. దాని చుట్టూ అల్లుకున్న అపోహల వల్లే మంచి ఉద్యోగాలు చేజారడం కళ్లారా చూశాను.

అపోహ: తేదీ మార్చమంటే ఆఫర్ వెనక్కి తీసుకుంటారు

నోటీస్ పీరియడ్ ఎంతో కంపెనీకి ముందే తెలుసు. దరఖాస్తులో ఆ గడి ఉంటుంది, మొదటి ఫోన్‌లోనే రిక్రూటర్ అడుగుతాడు. 90 రోజులని తెలిసీ నెల తర్వాతి తేదీ వేశారంటే, చాలాసార్లు అది లెటర్ తయారుచేసేటప్పుడు అలవాటుగా వేసేసిన తేదీ. లేదంటే, ఎలాగోలా తొందరగా బయటపడి వస్తారేమోనన్న ఆశ. రెండింటిలో ఏదైనా మాట్లాడి మార్చుకోదగినదే.

ఆఫర్‌ను నిజంగా దెబ్బతీసేది చెప్పినదానికీ ఇప్పుడు అడుగుతున్నదానికీ పొంతన లేకపోవడం. ఇంటర్వ్యూకి పిలవరేమోనని "30 రోజుల్లో వస్తాను" అని రాసి, ఆఫర్ చేతికొచ్చాక 90 అంటే రిక్రూటర్ తన మేనేజర్ ముందు తలదించుకోవాలి. అక్కడ చెడేది నమ్మకం.

నిజంగానే ఆగలేని ఉద్యోగాలు కొన్ని ఉంటాయి, కాదనను. క్లయింటు ఫలానా తేదీకి మనిషి కావాలన్న ప్రాజెక్టులు, కాంట్రాక్టు నియామకాలు అలాంటివి. అక్కడ ఆ సీటు ఖాళీగా ఉన్న ప్రతి రోజూ కంపెనీకి బిల్లింగ్ పోయినట్టే. అలాంటి చోట "కుదరదు" అన్న జవాబు రావచ్చు. ఆ మాట రాజీనామా పెట్టకముందే తెలియడం మీకే మేలు.

అపోహ: ముందు యాక్సెప్ట్ నొక్కేద్దాం, తేదీ సంగతి తర్వాత చూసుకోవచ్చు

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం వేసేది ఈ మాటకే. ఆఫర్ లెటర్లలో సాధారణంగా ఒక వాక్యం ఉంటుంది: ఫలానా తేదీకి చేరకపోతే ఈ ఆఫర్ చెల్లదు అని. పోర్టల్‌లో యాక్సెప్ట్ నొక్కితే జీతంతో పాటు ఆ తేదీకీ, ఆ వాక్యానికీ ఒప్పుకున్నట్టే. తర్వాత రిక్రూటర్ ఫోన్‌లో "పర్లేదండీ, మూడు నెలలు ఆగుతాం" అంటాడు. మంచి ఉద్దేశంతోనే అంటాడు. అయితే సిస్టమ్‌లో పాత తేదీ అలాగే ఉంటుంది. ఈలోగా ఆ రిక్రూటర్ వేరే కంపెనీకి వెళ్లిపోతాడు. పాత తేదీ వచ్చేసరికి మీ పేరు పక్కన "రాలేదు" అని పడుతుంది. మీరు అప్పటికే రాజీనామా ఇచ్చి, నోటీసు పీరియడ్‌లో ఉంటారు.

చట్టం వైపు నుంచి చూసినా ఇంతే. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 7వ సెక్షన్ ప్రకారం అంగీకారం షరతులు లేకుండా, పూర్తిగా ఉండాలి. "సెప్టెంబరులో అయితేనే చేరతాను" అన్నారంటే అది అంగీకారం అవదు, మీ వైపు నుంచి కొత్త ప్రతిపాదన అవుతుంది. దానికి వాళ్లు ఒప్పుకోవాలి. అలాకాక అన్నీ ఒప్పుకుని, విడిగా తేదీ మార్చమని కోరితే, వాళ్లు మార్చేదాకా పాత తేదీకే కట్టుబడి ఉన్నట్టు. ఎటు తిప్పినా కావలసింది ఒక్కటే: కొత్త తేదీతో సవరించిన ఆఫర్ లెటర్, కనీసం కంపెనీ మెయిల్ ఐడీ నుంచి హెచ్‌ఆర్ రాసిన జవాబు. అది చేతికొచ్చాకే యాక్సెప్ట్, ఆ తర్వాతే రాజీనామా.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. రాజీనామా ఇస్తే తప్ప చివరి పనిరోజు తేలదు. చివరి పనిరోజు తేలితే తప్ప ఏ తేదీ అడగాలో తెలియదు. మా కాలనీలో ఒక అమ్మాయి దీన్ని 2025లో ఎలా విప్పిందో చెబుతాను.

ఆమెకు ఆఫర్ వచ్చింది జూన్ 2, సోమవారం. చేరాల్సింది జూలై 1న. జవాబుకు గడువు జూన్ 5. కొత్త తేదీ 5లోగా ఖాయమైతే 6న రాజీనామా ఇస్తానని ముందే అనుకుని, అక్కడి నుంచి క్యాలెండర్ పెట్టుకుని లెక్క కట్టింది. నోటీసు లెక్కలో శని, ఆదివారాలూ కలుస్తాయి. జూన్ 6ను మొదటి రోజుగా పట్టుకుంటే 90వ రోజు సెప్టెంబరు 3. మర్నాటి నుంచి లెక్కిస్తే 4. అప్పాయింట్‌మెంట్ లెటర్‌లో "90 రోజులు" అని కాకుండా "మూడు నెలలు" అని ఉంటే సెప్టెంబరు 5. ఆమె లెటర్‌లో 90 రోజులనే ఉంది. పైగా నోటీసులో పెట్టిన సెలవులకు అన్ని రోజులు పొడిగిస్తామన్న నిబంధన కూడా ఉంది. వినాయక చవితికి ఊరెళ్లడానికి రెండు రోజుల సెలవు పెట్టాలనుకుంది కాబట్టి 6 దాకా జరగవచ్చు. ఆ తర్వాతి సోమవారం 8వ తేదీ. అది అడిగితే ఊపిరి తిప్పుకోను సందుండదు. అందుకే 15 అడిగింది. 8 అడిగి, తర్వాత మళ్లీ 15కి మార్చమనడం కన్నా ఇదే నయం. ఒకసారి అడిగితే నోటీసు కారణమని అర్థం చేసుకుంటారు. రెండోసారి అడిగితే ఈ మనిషి వస్తుందా రాదా అన్న అనుమానం పుడుతుంది.

జూన్ 3న ఆమె ఇంగ్లీషులో పంపిన మెయిల్ సారాంశం ఇది:

"ఆఫర్‌లోని హోదా, జీతం, మిగతా షరతులు నాకు సమ్మతమే. జాయినింగ్ డేట్ విషయంలో ఒక విన్నపం. ప్రస్తుత కంపెనీలో నా నోటీస్ పీరియడ్ 90 రోజులు. ఈ సంగతి దరఖాస్తులోనూ, హెచ్‌ఆర్ రౌండ్‌లోనూ చెప్పాను. జూన్ 6న రాజీనామా ఇస్తే సెప్టెంబరు మొదటి వారంలో రిలీవ్ అవుతాను. సెప్టెంబరు 15న చేరడానికి అనుమతించి, ఆ తేదీతో సవరించిన ఆఫర్ లెటర్ పంపగలరు. అందుకు సమయం పడితే, జవాబు గడువును కూడా పొడిగించగలరు. ముందుగా రిలీవ్ చేయమని మా మేనేజర్‌ను అడుగుతాను. వీలైతే వెంటనే మీకు తెలియజేస్తాను."

అంతే. ఇంటి పరిస్థితులు లేవు, క్షమాపణలు లేవు. గడువు పొడిగించమన్న ఒక్క వాక్యం ఎంత పని చేసిందో చూడండి. పోర్టల్‌లో ఉండేవి యాక్సెప్ట్, డిక్లైన్ అనే రెండు బటన్లే. ఆ రెండింటి మధ్య ఆగడానికి ఆమెకు చోటు దొరికింది. ముందుగా బయటపడటం గురించి "అడుగుతాను" అంది కానీ "వచ్చేస్తాను" అనలేదు. జూన్ 5 సాయంత్రం సవరించిన లెటర్ వచ్చింది. 6న రాజీనామా పెట్టింది.

సవరించిన లెటర్ ఉంటే చాలా మేలు, కానీ అదీ పూర్తి పూచీ కాదు. మూడు నెలల్లో కంపెనీల పరిస్థితులు మారతాయి, ఆఫర్లు రద్దయిన సందర్భాలూ ఉన్నాయి. రాజీనామా ఆమోదించాక దాన్ని వెనక్కి తీసుకోవాలంటే సాధారణంగా పాత కంపెనీ ఒప్పుకోవాలి. అందుకే నోటీసు నడుస్తున్నన్నాళ్లూ రెండు వారాలకోసారి హెచ్‌ఆర్‌కి ఒక చిన్న మెయిల్ పెట్టమంటాను. రాజీనామా ఆమోదించిన మెయిల్ ప్రతిని కూడా రాగానే పంపేయాలి. జవాబులు రావడం ఆగిపోతే అదే మొదటి హెచ్చరిక.

అపోహ: డబ్బు కట్టేస్తే ఎప్పుడైనా బయటపడొచ్చు

దీన్నే బైఅవుట్ అంటారు. దీని మీద నమ్మకంతో లెటర్‌లో ఉన్న తేదీకే ఒప్పేసుకునేవాళ్లు చాలామంది. ముందు మీ అప్పాయింట్‌మెంట్ లెటర్ తీసి చదవండి. నోటీసుకు బదులు జీతం తీసుకుని వదలడం "కంపెనీ విచక్షణ మేరకు" అన్న మాట ఎక్కువ లెటర్లలో ఉంటుంది. అలా ఉంటే డబ్బు మీ దగ్గర సిద్ధంగా ఉన్నా మేనేజర్ వద్దంటే దారి మూసుకుపోయినట్టే.

వదిలినా ఖర్చు చూసుకోవాలి. పై అమ్మాయి జూన్ 30న బయటపడాలనుకుంటే 25 రోజులు పనిచేసినట్టు, 65 రోజులకు డబ్బు కట్టాలి. నెల జీతం లక్ష, అందులో బేసిక్ 40 వేలు అనుకుందాం. బేసిక్ మీద లెక్కిస్తే సుమారు 87 వేలు. మొత్తం జీతం మీద అయితే 2 లక్షల 17 వేలు. ఏ లెక్కో అదే లెటర్‌లో ఉంటుంది.

"కొత్త కంపెనీ కట్టేస్తుందిలే" అంటారు. కొన్ని కడతాయి. అయితే ముందు మీ జేబులోంచే పోతుంది. ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితం చూపించాక జీతంతో కలిపి, పన్ను కోసి ఇస్తారు. ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు కూడా చాలాచోట్ల ఉంటుంది. ఈ హామీ ఆఫర్ లెటర్‌లో రాసి లేకపోతే లేనట్టే లెక్క.

అపోహ: ముందు వెళ్లి చేరిపోతే రిలీవింగ్ తర్వాత వస్తుంది

రిలీవింగ్ లెటర్ కాగితం ఆలస్యమైతే పెద్ద ఇబ్బంది లేదు. రాజీనామా ఆమోదం, చివరి పనిరోజు రాసిన మెయిల్ చూపిస్తే చేర్చుకుని, లెటర్‌కు కొన్నాళ్లు గడువిచ్చే కంపెనీలు చాలా ఉన్నాయి. ఇబ్బందల్లా పాత కంపెనీ లెక్కల్లో మీరింకా ఉద్యోగిగా ఉండగానే కొత్తచోట చేరడంతో వస్తుంది.

చేరిన రోజు ఇచ్చే ఫారం 11లో యూఏఎన్ నంబరు, పాత ఉద్యోగం వదిలిన తేదీ రాస్తారు. పీఎఫ్ ఖాతాలు రెండూ ఆ నంబరు కిందే ఉంటాయి. కొత్త కంపెనీలో చేరిన తేదీ సెప్టెంబరు 1 అని, పాతదాన్ని వదిలింది సెప్టెంబరు 4 అని పడితే, ఒకేసారి రెండు ఉద్యోగాలు చేసినట్టు సర్వీస్ హిస్టరీలో కనిపిస్తుంది. నేపథ్య పరిశీలన చేసేవాళ్లు దీన్ని పట్టుకుంటారు. మూడు రోజుల తేడాయే అయినా సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఆ తర్వాత ఎప్పుడైనా పీఎఫ్ బదిలీ చేయించుకోబోతే అక్కడా వివరణ అడగవచ్చు.

పాత కంపెనీ వదిలిన తేదీని వెంటనే నమోదు చేయకపోతే, చివరి చందా పడిన నెల నుంచి రెండు నెలలు గడిచాక యూఏఎన్ పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు. అప్పుడు వేసే తేదీ, రిలీవింగ్ లెటర్‌లో ఉన్న తేదీ ఒకటే అయి ఉండాలి. ఆ అమ్మాయి రిలీవింగ్ లెటర్‌లో చివరికి పడింది సెప్టెంబరు 5. 8 అడగకుండా 15 అడిగింది కాబట్టి ఆ పది రోజుల్లో లెటర్ చేతికొచ్చింది, పీఎఫ్‌లో తేదీ పడిందో లేదో కూడా చూసుకుని వెళ్లి చేరింది.