గడువు దాటిన కొటేషన్

గుంటూరులో ఒక ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ ఒక రిటైర్డ్ మాస్టారి కొత్త ఇంటికి వైరింగ్ కొటేషన్ ఇచ్చాడనుకుందాం. మొత్తం 4,80,000 రూపాయలు, జీఎస్టీ అదనం. కింద చిన్న అక్షరాల్లో ‘15 రోజుల వరకే’ అని ఉంది. శ్లాబు ఆలస్యమైంది, పెళ్లిళ్లు అడ్డొచ్చాయి. రెండు నెలల తర్వాత మాస్టారు ‘రేపటి నుంచి మొదలుపెట్టు’ అని వాట్సాప్‌లో పంపారు. ఈలోగా రాగి వైరు ధర 15 శాతం పెరిగింది.

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. పని పోతుందేమోనని ‘అలాగే సార్’ అని కొట్టేస్తారు, ధర సంగతి తర్వాత చూసుకోవచ్చులే అనుకుంటారు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 6వ సెక్షన్ ప్రకారం ప్రతిపాదనలో చెప్పిన గడువు దాటితే ఆ ప్రతిపాదన రద్దయినట్టే. కాబట్టి మాస్టారు పంపిన మెసేజీ పాత కొటేషన్‌కు అంగీకారం కాదు, ఆయన వైపు నుంచి వచ్చిన కొత్త ప్రతిపాదన. దానికి ‘అలాగే’ అంటే పాత ధరకే ఒప్పుకున్నారని వాదించడానికి ఆయనకు ఆస్కారమిచ్చినట్టే. ‘సంతోషం మాస్టారూ, వైరు రేటు మారింది, సాయంత్రంలోగా లెక్క సరిచూసి ఫోన్ చేస్తాను’ అంటే చాలు.

ఆ సాయంత్రంలోగా చేయాల్సింది పాత లెక్క విప్పడం. అందులో రాగి వైరు 1,60,000, స్విచ్చులూ ఎంసీబీలూ 90,000, పైపులూ బాక్సులూ 50,000, కూలీ 1,80,000 ఉన్నాయి. డీలర్‌ను అడిగితే మారింది వైరు ఒక్కటేనని తేలింది. వైరు కంపెనీలు అంతర్జాతీయ రాగి ధరను, డాలరు మారకాన్ని చూసి రేట్లు సవరిస్తుంటాయి. స్విచ్చులు, పైపుల ధరలు ఆ లెక్కన కదలవు. 1,60,000 మీద 15 శాతం అంటే 24,000. కొత్త మొత్తం 5,04,000. అంటే పెరిగింది మొత్తం మీద 5 శాతమే. ‘రేట్లు 15 శాతం పెరిగాయి సార్’ అని నోటిమాటగా అంటే మాస్టారికి 72,000 వినిపిస్తుంది. బేరం చెడేది చాలాసార్లు ఇలాంటి మాట దగ్గరే.

కొత్త కాగితం పంపేముందు ఫోన్ చేయాలి. పెరిగిన అంకెను ముందుగా కాగితం మీద చూసిన మనిషికి మోసం చేశారన్న అనుమానమే మొదట వస్తుంది. ‘ఏమయ్యా, ఆ రేటుకే చేస్తానన్నావు కదా’ అని ఆయన అంటారు. అనాలి కూడా. ‘కూలీ, స్విచ్చులు, పైపులు పాత రేటే మాస్టారూ. వైరు ఒక్కటే మారింది. కంపెనీ పాత లిస్టు, కొత్త లిస్టు రెండూ పంపుతాను, మీరే పోల్చుకోండి’ అన్నది సరైన జవాబు. డీలర్ బిల్లు చూపించనక్కర్లేదు, అందులో మీ డిస్కౌంటు బయటపడుతుంది. కంపెనీ ధరల పట్టిక ఎవరైనా చూడగలిగేదే.

కాగితం మీద పాత కొటేషన్ నంబరు, తేదీ వేసి, ‘దాని స్థానంలో ఇది’ అని స్పష్టంగా రాయాలి. మారిన వరుసలో పాత ధర, కొత్త ధర పక్కపక్కన ఉండాలి. గడువు ఇష్టమొచ్చినంత ఇవ్వకూడదు. డీలర్ ఆ రేటును వారం పాటు నిలుపుతానంటే మీ గడువు కూడా వారంలోపే. వైరు డబ్బు ముందుగా అడ్వాన్సుగా ఇస్తే అదే రోజు కాయిల్స్ కొని ధర ఖాయం చేస్తానని చెప్పడం ఇద్దరికీ మేలు.

మాస్టారు ఇంకా తగ్గించమంటే? తగ్గించాల్సింది పనిలో, నాణ్యతలో కాదు. కాంపౌండు గోడ లైట్లు తర్వాత పెట్టుకోవచ్చు, వైరు ఆయనే కొనుక్కోవచ్చు. పాత మొత్తానికే సరిపెట్టాలని ఏసీకి లెక్కకట్టిన 4 చదరపు మిల్లీమీటర్ల వైరు తీసి 2.5 వేయడం మాత్రం కూడదు. అది గోడలోకి వెళ్లాక ఎవరికీ కనబడదు, లోడు ఎక్కువైతే వేడెక్కుతుంది. పక్క కాంట్రాక్టర్ పాత ధరకే చేస్తానన్నాడని ఆయన అంటే, ఆ కొటేషన్‌లో వైరు సైజు, కంపెనీ, కాయిల్స్ లెక్క రాసి ఉన్నాయో లేదో చూడమనాలి. ఒక కాయిల్ సాధారణంగా 90 మీటర్లు. మొత్తం ఒక్క అంకెలో ఉన్న కాగితాన్ని దేనితోనూ పోల్చలేం.

ఆలస్యం కాంట్రాక్టర్‌దే అయితే లెక్క వేరు. కొలతలకు రావడానికి నెల తిప్పించి, ఇప్పుడు ధర పెరిగిందనడం న్యాయం కాదు. ఆ 24,000లో కొంతైనా తానే భరించాలి.

ఇల్లు కట్టుకునేవాళ్లకూ ఒక మాట. కొటేషన్ చేతికి రాగానే మొత్తంతో పాటు గడువు తేదీ చూడండి, వైరు ఖర్చు విడిగా రాసి లేకపోతే అప్పుడే రాయించుకోండి.