పేజీ మారుతుంది, ఆఫ్‌సెట్ మారదు

ఇంజినీరింగ్ సెమిస్టర్ పరీక్షల్లోనూ, గేట్ కంప్యూటర్ సైన్స్ పేపర్లోనూ ఈ తరహా ప్రశ్న వస్తుంటుంది: "పేజీ సైజు 1024 బైట్లు. 4వ నంబరు పేజీ 7వ నంబరు ఫ్రేములో ఉంది. వర్చువల్ అడ్రస్ 5000కి ఫిజికల్ అడ్రస్ ఎంత?"

ముందు దీని వెనక ఏముందో చూద్దాం. నడుస్తున్న ప్రతి ప్రోగ్రామూ తన మెమరీ సున్నాతో మొదలై వరసగా సాగుతుందనే లెక్కలో ఉంటుంది. అది వాడేది వర్చువల్ అడ్రస్. అసలు ర్యామ్‌లో మాత్రం ఆ ప్రోగ్రాము సమాన ముక్కలుగా, ఖాళీ దొరికిన చోటల్లా సర్దుకుని ఉంటుంది. ప్రోగ్రాము వైపు ముక్కను పేజీ అంటారు, ర్యామ్‌లో దాన్ని పెట్టే అంతే సైజు గడిని ఫ్రేము అంటారు. ఏ పేజీ ఏ ఫ్రేములో ఉందో రాసిపెట్టే పట్టికే పేజీ టేబుల్.

ఇక లెక్క. 5000ని 1024తో భాగిస్తే భాగఫలం 4, శేషం 904. భాగఫలం పేజీ నంబరు. శేషం ఆ పేజీ మొదటి నుంచి ఎన్ని బైట్ల దూరంలో ఉన్నామో చెబుతుంది, అదే ఆఫ్‌సెట్. 4వ పేజీ 7వ ఫ్రేములో ఉంది కదా. ఫ్రేములనూ సున్నా నుంచే లెక్కపెడతారు కాబట్టి 7వ ఫ్రేము మొదలయ్యేది 7 × 1024, అంటే 7168 దగ్గర. దానికి 904 కలిపితే జవాబు 8072.

ఆఫ్‌సెట్‌ను టేబుల్లో వెతకం, మార్చం. పేజీ, ఫ్రేము ఒకే సైజులో ఉంటాయి కనుక పేజీలో 904వ స్థానం ఫ్రేములోనూ 904వ స్థానమే అవుతుంది. పేజీ సైజు 2 ఘాతంగా ఉండటానికి కారణమూ ఇక్కడే దొరుకుతుంది. 1024 అంటే 2 పదో ఘాతం. అడ్రస్‌ను బైనరీలో రాస్తే చివరి 10 బిట్లు ఆఫ్‌సెట్, మిగిలినవి పేజీ నంబరు:

```
5000 = 100 | 1110001000
8072 = 111 | 1110001000
```

గీతకు కుడివైపు ఒక్క బిట్ కూడా మారలేదు. అందుకే ప్రాసెసర్‌కు భాగహారంతో పని లేదు, ఎడమవైపు బిట్లను మార్చేస్తే సరిపోతుంది.

మార్కులు ఎక్కువగా పోయేది చివరి మెట్టులో. ఫ్రేము నంబరును 1024తో గుణించకుండా 7కు 904 కలిపి 911 అని రాసేస్తారు. సరిచూసుకోవడం తేలికే: వచ్చిన జవాబును మళ్లీ 1024తో భాగించాలి. 8072ను భాగిస్తే 7 వస్తుంది, 904 మిగులుతుంది. 911ను భాగిస్తే సున్నా వస్తుంది, అంటే మనం వేరే ఫ్రేములో ఉన్నాం.

ఒక్కోసారి జవాబుగా అంకే ఉండదు. అదే ప్రశ్నలో 6200 అడిగారనుకుందాం. భాగిస్తే పేజీ 6, ఆఫ్‌సెట్ 56. కానీ టేబుల్లో 6వ పేజీ ఎదురుగా వ్యాలిడ్ బిట్ 0 ఉంటే ఆ పేజీ ఇప్పుడు ర్యామ్‌లో లేనట్టే. అప్పుడు ఎదురుగా ఏ ఫ్రేము నంబరు కనిపించినా దాన్ని వాడకూడదు, 'పేజీ ఫాల్ట్' అని రాయాలి. అందుకే గుణకారం మొదలుపెట్టేముందే వ్యాలిడ్ బిట్ చూడాలి.