సగం మెలనోమాలు జారిపోయినా 93 శాతం

చర్మం మీది మచ్చ ఫొటో చూసి అది ఏ రకమో చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాములు తయారుచేసేవాళ్లకు హామ్10000 అన్న ఫొటోల సేకరణ బాగా పరిచయం. ఆస్ట్రియాలోని వియన్నా వైద్య విశ్వవిద్యాలయం నుంచి, ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్‌లోని ఒక చర్మ క్యాన్సర్ క్లినిక్ నుంచి పోగుచేసిన ఈ ఫొటోలను 2018లో అందరికీ అందుబాటులో పెట్టారు. డెర్మటోస్కోప్ అనే పరికరంతో దగ్గర నుంచి తీసిన ఫొటోలివి. మొత్తం 10,015. రకాలు ఏడు.

అయితే ఆ ఏడు రకాలూ సమానంగా లేవు. మామూలు పుట్టుమచ్చలే 6,705 ఉన్నాయి. ప్రాణం మీదికి తెచ్చే చర్మ క్యాన్సర్ మెలనోమా ఫొటోలు 1,113. అన్నిటికన్నా తక్కువగా ఉన్నవి డెర్మాటోఫైబ్రోమా అనే గట్టి బుడిపెల ఫొటోలు, 115 మాత్రమే. డాక్టరు దగ్గరికి వచ్చే మచ్చల్లో ఎక్కువ భాగం హాని లేనివే కాబట్టి ఈ ఎగుడుదిగుడు సహజమే. చిక్కంతా ప్రోగ్రాముకు మార్కులు వేసేటప్పుడు మొదలవుతుంది.

ఏ ఫొటో చూపించినా కళ్లు మూసుకుని ‘పుట్టుమచ్చ’ అనే ప్రోగ్రాము ఒకటి ఉందనుకుందాం. దానికి వైద్యం రాదు, ఫొటో చూడటమే రాదు. అయినా 10,015 ఫొటోల్లో 6,705 సరిగ్గా చెప్పినట్టే లెక్క, అంటే 67 శాతం. ఒక్క మెలనోమాను కూడా పట్టని ప్రోగ్రాముకు ఫస్ట్ క్లాసు మార్కులు! ఏడు రకాలకూ విడివిడిగా మార్కులు వేసి సగటు తీస్తే మాత్రం పుట్టుమచ్చల్లో నూటికి నూరు, మిగతా ఆరింటిలో సున్నా వచ్చి సగటు 14 శాతానికి పడిపోతుంది. ప్రోగ్రాము అదే, జవాబులూ అవే. సగటు తీసిన పద్ధతి ఒక్కటే మారింది.

ఈ పద్ధతులకు మైక్రో, మాక్రో, వెయిటెడ్ అని పేర్లు. వీటిని అర్థం చేసుకోవడానికి చిన్న లెక్క ఒకటి కట్టి చూద్దాం. ఇది ఉదాహరణ కోసం కల్పించిన లెక్క. వెయ్యి ఫొటోలు, మూడే రకాలు: పుట్టుమచ్చలు 900, మెలనోమాలు 80, డెర్మాటోఫైబ్రోమాలు 20. ప్రోగ్రాము 900 పుట్టుమచ్చల్లో 880 సరిగ్గా గుర్తించింది, 18ని మెలనోమా అంది, రెండింటిని డెర్మాటోఫైబ్రోమా అంది. 80 మెలనోమాల్లో 40 పట్టుకుంది, మిగతా 40ని పుట్టుమచ్చలని వదిలేసింది. 20 డెర్మాటోఫైబ్రోమాల్లో ఎనిమిదింటిని గుర్తుపట్టి, పదింటిని పుట్టుమచ్చల్లోనూ రెండింటిని మెలనోమాల్లోనూ కలిపేసింది.

ఒక్కో రకానికి రెండు ప్రశ్నలు అడగాలి. నిజంగా మెలనోమా అయినవాటిలో ఎన్ని పట్టుకుంది? 80లో 40, అంటే 0.50. దీన్ని రీకాల్ అంటారు. మెలనోమా అని చెప్పినవాటిలో ఎన్ని నిజం? మొత్తం 60 ఫొటోలను మెలనోమా అంటే అందులో 40 నిజం, అంటే 0.67. ఇది ప్రెసిషన్. రెండింటినీ కలిపి, తక్కువగా ఉన్నదాని వైపు మొగ్గేలా తీసే సగటు ఎఫ్1 స్కోరు. మెలనోమాకు అది 0.57. పైథాన్ వాడేవాళ్లు ఎక్కువగా నమ్ముకునే సైకిట్-లెర్న్ లైబ్రరీకి ఈ జవాబులు ఇస్తే తెరమీద వచ్చే పట్టిక ఇదీ (`nv` అంటే పుట్టుమచ్చ, `mel` మెలనోమా, `df` డెర్మాటోఫైబ్రోమా):

```
              precision  recall  f1-score  support
          df       0.80    0.40      0.53       20
         mel       0.67    0.50      0.57       80
          nv       0.95    0.98      0.96      900

    accuracy                         0.93     1000
   macro avg       0.80    0.63      0.69     1000
weighted avg       0.92    0.93      0.92     1000
```

కింది మూడు వరుసల దగ్గరే గొడవంతా. 0.93 అనీ చెప్పుకోవచ్చు, 0.69 అనీ చెప్పుకోవచ్చు, రెండూ నిజమే. సగం మెలనోమాలు ఇంటికి వెళ్లిపోయిన సంగతి మాత్రం మొదటి అంకెలో ఎక్కడా కనిపించదు.

మైక్రో పద్ధతిలో రకాల గోడలు తీసేసి వెయ్యి ఫొటోలనూ ఒకే కుప్పగా పోస్తారు. సరైనవి 880, 40, 8 కలిపి 928. అంటే 0.928. ఇది మనిషికో ఓటు లాంటిది, జనం ఎక్కువున్న ఊరి మాటే నెగ్గుతుంది. మాక్రో ఊరికో ఓటు ఇస్తుంది. పుట్టుమచ్చల 0.96, మెలనోమాల 0.57, డెర్మాటోఫైబ్రోమాల 0.53 కూడి మూడుతో భాగిస్తే 0.69. వెయిటెడ్ కూడా రకానికో స్కోరు తీస్తుంది కానీ, సగటు కట్టేటప్పుడు ఏ రకంలో ఎన్ని ఫొటోలున్నాయో దానికి అంత బరువు ఇస్తుంది. పుట్టుమచ్చలకు 90 శాతం బరువు, డెర్మాటోఫైబ్రోమాకు రెండు శాతం. అందుకే మళ్లీ 0.92కి ఎక్కి కూర్చుంటుంది.

ఇక్కడ చాలా నివేదికల్లో కనిపించే ఒక పొరపాటు గురించి చెప్పుకోవాలి. ‘మా ప్రోగ్రాము ఆక్యురసీ 0.93, మైక్రో ప్రెసిషన్ 0.93, మైక్రో రీకాల్ 0.93, మైక్రో ఎఫ్1 0.93’ అని నాలుగు అంకెలు వరుసగా రాస్తారు. చూసేవాళ్లకు నాలుగు పరీక్షలు నెగ్గినట్టుంటుంది. నిజానికి అవి నాలుగూ ఒకటే. ఒక ఫొటోకు ఒకే జవాబు ఉన్నప్పుడు, మెలనోమాను పుట్టుమచ్చ అంటే ఆ ఒక్క తప్పూ రెండు ఖాతాల్లో పడుతుంది. మెలనోమా ఖాతాలో ‘వదిలేసినది’గానూ, పుట్టుమచ్చ ఖాతాలో ‘తప్పుగా చేర్చినది’గానూ. మొత్తం కూడితే వదిలేసినవీ తప్పుగా చేర్చినవీ ఎప్పుడూ సమానం, మన లెక్కలో 72, 72. కాబట్టి మైక్రో ప్రెసిషన్, మైక్రో రీకాల్, మైక్రో ఎఫ్1 మూడూ ఆక్యురసీతో సమానమవక తప్పదు. పై పట్టికలో మైక్రో వరుస లేకుండా `accuracy` అని మాత్రమే ఉండటానికి కారణం ఇదే. వెయిటెడ్ రీకాల్ కూడా లెక్కకట్టి చూస్తే ఆక్యురసీయే.

ఒక ఫొటోకు రెండు మూడు పేర్లు ఉండగల పనుల్లోనూ, ‘ఏదీ కాదు’ వంటి ఒక రకాన్ని కావాలని లెక్కలోంచి తీసేసిన పనుల్లోనూ మైక్రో వేరే అంకె ఇస్తుంది. అక్కడ దాన్ని చెప్పడంలో అర్థం ఉంది.

వెయిటెడ్ ఎఫ్1 సంగతి ఇంకా తిరకాసు. ‘ఎగుడుదిగుడు డేటా కాబట్టి వెయిటెడ్ వాడాం’ అని చాలామంది రాస్తారు. ఆ మాట వింటే చిన్న రకాలకు న్యాయం చేసినట్టు అనిపిస్తుంది. జరిగేది దానికి పూర్తిగా తలకిందులు. బరువు పెద్ద రకానికే పోతుంది. పైగా ప్రెసిషన్, రీకాల్ రెండింటికీ మధ్యలో ఉండాల్సిన ఎఫ్1, వెయిటెడ్ పద్ధతిలో ఒక్కోసారి వాటి మధ్య కూడా ఉండదు. అన్నీ పుట్టుమచ్చలే అన్న ప్రోగ్రాముకు వెయిటెడ్ ఎఫ్1 0.54 వస్తుంది, మాక్రో ఎఫ్1 0.11. రెండో అంకే ఆ ప్రోగ్రాము అసలు రూపం చూపిస్తుంది.

మాక్రో అన్నారు కదా అని కళ్లు మూసుకుని నమ్మడానికీ లేదు. ముందుగా, ‘మాక్రో ఎఫ్1’ పేరుతో రెండు సూత్రాలు చలామణిలో ఉన్నాయి. ఒకటి, రకానికో ఎఫ్1 తీసి వాటి సగటు కట్టడం. సైకిట్-లెర్న్ చేసేది ఇదే. రెండోది, ముందు ప్రెసిషన్ల సగటు, రీకాళ్ల సగటు తీసి, ఆ రెండింటి నుంచి ఎఫ్1 లెక్కించడం. మన ఉదాహరణలో మొదటి దారిలో 0.69, రెండో దారిలో 0.70. ఇక్కడ తేడా చిన్నదే. కానీ రెండో దారి మొదటిదానికన్నా ఎప్పుడూ తక్కువ ఇవ్వదు, కొన్నిసార్లు బాగా ఎక్కువ ఇస్తుంది. 2019లో ఓపిట్జ్, బర్స్ట్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ తేడా 0.5 దాకా పోగలదని గణితంతో చూపించారు. కాబట్టి ఏ సూత్రమో ఒక్క వాక్యంలో రాయకపోతే, ఇద్దరి మాక్రో ఎఫ్1లను పక్కపక్కన పెట్టి పోల్చడానికి వీల్లేదు.

రెండో ఇబ్బంది చిన్న రకాల ఊగిసలాట. హామ్10000లో అయిదో వంతును పరీక్షకు పక్కన పెడితే డెర్మాటోఫైబ్రోమా ఫొటోలు 23 వస్తాయి. అందులో ఒక్క ఫొటో అటూఇటూ అయితే ఆ రకం రీకాల్ 4.3 పాయింట్లు కదులుతుంది, ఏడు రకాల మాక్రో రీకాల్ 0.6 పాయింటు కదులుతుంది. అదే ఒక్క ఫొటో, 2,003 ఫొటోల మీద లెక్కించే ఆక్యురసీని 0.05 పాయింటు మాత్రమే కదిలిస్తుంది. ‘మా మాక్రో స్కోరు పాతవాళ్లకన్నా ఒక పాయింటు ఎక్కువ’ అన్నప్పుడు ఆ పాయింటు వెనక రెండే ఫొటోలు ఉండవచ్చు. అందుకే పరీక్ష ఫొటోలను యాదృచ్ఛికంగా మళ్లీ మళ్లీ ఎంచి స్కోరు లెక్కించి, ఎంత నుంచి ఎంత దాకా ఊగుతోందో కూడా చెప్పాలి.

మూడోది, మాక్రో అన్ని రకాలనూ సమానంగా చూస్తుంది. వైద్యం అలా చూడదు. డెర్మాటోఫైబ్రోమా హాని లేని బుడిపె, దాన్ని పొరబడితే పెద్దగా నష్టం లేదు. మెలనోమాను వదిలేస్తే మనిషే పోవచ్చు. ఏ సగటూ ఈ తేడాను తనంతట తాను లెక్కలోకి తీసుకోదు.

మరి ఏ అంకె చెప్పాలి? ఇదే ఫొటోలను శిక్షణకు ఇచ్చి 2018లో జరిపిన ఐసిక్ అంతర్జాతీయ పోటీ నిర్వాహకులు ఏడు రకాల రీకాళ్ల మామూలు సగటుతో, అంటే మాక్రో రీకాల్‌తో, ర్యాంకులు ఇచ్చారు. అది సరైన ఎంపిక. పరీక్షలో పుట్టుమచ్చలు రెట్టింపైనా రీకాల్ దానివల్ల మారదు. ప్రెసిషన్ మారుతుంది, దానితోపాటు ఎఫ్1 కూడా. రకాల పాళ్లు ఒక ఆస్పత్రికీ ఇంకో ఆస్పత్రికీ వేరుగా ఉండే పనిలో ముందు చెప్పాల్సింది మాక్రో రీకాలే. తప్పుడు హెచ్చరికల బెడద కూడా తెలియాలంటే, సూత్రం పేర్కొని మాక్రో ఎఫ్1 చేర్చాలి. పరీక్ష ఫొటోల్లో రకాల పాళ్లు రేపు వాడబోయే చోట ఉండేలాగే ఉండి, మొత్తం మీద ఎన్ని తప్పులు పోతాయన్నదే ప్రశ్న అయితే ఆక్యురసీ చాలు. దాన్ని ఆక్యురసీ అనే రాయాలి, మైక్రో ఎఫ్1 అని ముసుగు వేయకూడదు. వెయిటెడ్ ఎఫ్1ను మాత్రం ముఖ్యమైన అంకెగా చెప్పుకోవడానికి ఇలాంటి పనిలో కారణమేదీ కనిపించదు.

ఏది చెప్పినా రకాలవారీ పట్టిక పక్కనే ఉండాలి, ఒక్కో రకానికి ఎన్ని ఫొటోలున్నాయో దాంతో సహా. ‘మాక్రో రీకాల్ 0.63, ఆక్యురసీ 0.93, 80 మెలనోమాల్లో 40 దొరికాయి’ అంటే చాలు, చదివేవాడికి పరిస్థితి తెలిసిపోతుంది.

సగటు, పట్టికలో ఉన్న వరుసలనే చూస్తుంది. వియన్నాలోనూ క్వీన్స్‌లాండ్‌లోనూ తీసిన ఆ ఫొటోల్లో ఎక్కువ భాగం తెల్లటి చర్మానివి. చామనఛాయ, నల్లటి చర్మం మీద మచ్చలకు అక్కడ వేరే వరుస లేదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏ ఆస్పత్రి అయినా ఇలాంటి ప్రోగ్రాము కొనేముందు, అమ్మేవాళ్లు చూపించే సగటుతో సరిపెట్టుకోకుండా తమ రోగుల ఫొటోల మీద ఇదే పట్టికను మళ్లీ కట్టించుకోవాలి. అందులో ముందుగా మెలనోమా వరుసలోని రీకాల్ చూడాలి.