వడ్లు ఒకటే, లెక్కలు రెండు

రైస్ మిల్లు యజమానిని "బియ్యం క్వింటా మీకెంత పడింది?" అని అడిగి చూడండి. వడ్లు ఎంతకు కొన్నాడో, కరెంటు బిల్లు ఎంతొచ్చిందో రూపాయితో సహా చెబుతాడు. బియ్యం దగ్గరికొచ్చేసరికి కాస్త ఆలోచిస్తాడు. ఎందుకంటే ఆ వడ్లలోంచి బియ్యం ఒక్కటే రాలేదు. నూకలొచ్చాయి, తవుడొచ్చింది, ఊకొచ్చింది. ఖర్చు మాత్రం అన్నిటికీ కలిపి ఒక్కటే. దాన్నే ఉమ్మడి ఖర్చు అంటారు.

ఊక షెల్లర్ దగ్గరే వేరైపోతుంది. పాలిష్ మిషన్ తవుడును రాలుస్తుంది. చివర గ్రేడర్ నూకల్ని జల్లించి పక్కకు తీస్తుంది. లెక్క తేలిగ్గా ఉండడానికి గ్రేడర్‌నే సరుకులు విడిపోయే చోటు అనుకుందాం. అకౌంటెంట్లు దీన్ని స్ప్లిట్ ఆఫ్ పాయింట్ అంటారు. అక్కడిదాకా అయిన ఖర్చులో ఏ సరుకు వాటా ఎంతో తేల్చాలి.

ఉదాహరణకు 100 క్వింటాళ్ల వడ్లు తీసుకుందాం. క్వింటా 2,300 చొప్పున వడ్లకు 2,30,000 రూపాయలు, ఆడించడానికి, హమాలీకి, కరెంటుకు 16,000. బియ్యం 56, నూకలు 11, తవుడు 8, ఊక 20 క్వింటాళ్లు వచ్చాయి. మిగతాది తాలు, దుమ్ము, తరుగు. ఊక అమ్మితే 6,000 వచ్చింది. దాన్ని ఉపఉత్పత్తిగా చూసి ఆ సొమ్మును ఖర్చులోంచి తీసేస్తే, పంచాల్సింది 2,40,000.

మొదటి పద్ధతి తూకం. మూడు సరుకులూ కలిపి 75 క్వింటాళ్లు కాబట్టి ఏదైనా క్వింటాకు 3,200 పడినట్టే. ఇందులో వాదనకు తావు లేదు, కాటా చెప్పిందే లెక్క. కానీ తవుడు క్వింటా 2,050కే పోతుంది. అంటే అమ్మిన ప్రతి క్వింటాకూ 1,150 నష్టమని పుస్తకం చెబుతుంది. ఊకను కూడా ఈ తూకంలో కలిపి ఉంటే, క్వింటా 300కు అమ్మే ఊక ఖర్చు దాదాపు 2,590 అని తేలేది! ధరలు దగ్గరదగ్గరగా ఉండే సరుకులకైతే తూకం సరిపోతుంది, ఇక్కడ మాత్రం కాదు.

రెండో పద్ధతి నికర రాబడి విలువ. సరుకు అమ్మితే వచ్చే ధరలోంచి, విడిపోయాక దానికోసమే పెట్టిన ఖర్చు తీసేయాలి. బియ్యం ధర 3,900, సార్టెక్స్‌కు, సంచులకు 200 పోతే 3,700. నూకల ధర 2,450, సంచికి 50 పోతే 2,400. తవుడు మిల్లు దగ్గరే 2,050. వీటిని తూకాలతో గుణిస్తే బియ్యానికి 2,07,200, నూకలకు 26,400, తవుడుకు 16,400. మొత్తం 2,50,000. పంచాల్సిన ఖర్చు ఇందులో 96 శాతం. కాబట్టి ఒక్కో సరుకు నికర విలువలో 96 శాతమే దాని వాటా. క్వింటాకు బియ్యం 3,552, నూకలు 2,304, తవుడు 1,968 పడతాయి. ఏదీ నష్టంలో కనిపించదు.

అన్నీ అమ్ముడైపోతే ఏ పద్ధతిలోనైనా మిల్లుకు మిగిలేది 10,000 రూపాయలే. తేడా తెలిసేది మార్చి 31న గోడౌన్‌లో సరుకు మిగిలినప్పుడు. బియ్యం, తవుడు అమ్ముడై 11 క్వింటాళ్ల నూకలు మిగిలాయనుకోండి. తూకం లెక్కన వాటి విలువ 35,200, రెండో లెక్కన 25,344. అకౌంటింగ్ ప్రమాణాల ప్రకారం నిల్వను నికర రాబడి విలువకు మించి చూపకూడదు. కనుక మొదటి అంకెను 26,400కు దించి, 8,800 నష్టం రాసుకోవాలి. ఉమ్మడి ఖర్చును హేతుబద్ధంగా, ఏటా ఒకే తీరుగా పంచమంటూ అమ్మకపు విలువల నిష్పత్తిని ఉదాహరణగా చూపిస్తుంది ఇండ్ ఏఎస్ 2.

రెండో పద్ధతికీ ఒక చిక్కుంది. రేపు తవుడు ధర పెరిగితే బియ్యం ఖర్చు తగ్గినట్టు కనిపిస్తుంది, మిల్లులో ఏమీ మారకపోయినా. అమ్మకపు ధరను బట్టి తేలిన ఖర్చును చూపించి, అమ్మకపు ధర ఇంతుండాలని వాదించలేం.

అందుకే వ్యాపార నిర్ణయాలకు ఈ రెండు అంకెలూ పనికిరావు. తవుడునే చూడండి. ఆడించిన వెంటనే అందులోని నూనె చెడడం మొదలవుతుంది. వేడి చేసి ఆ చెడడాన్ని ఆపితే నూనె మిల్లు 2,250 ఇస్తుందనీ, వేడి చేయడానికి క్వింటాకు 120 అవుతుందనీ అనుకుందాం. అదనంగా వచ్చేది 200, పోయేది 120. 80 లాభం కాబట్టి చేయొచ్చు. తవుడు 3,200కు పడిందా, 1,968కు పడిందా అన్నది ఇక్కడ అడగాల్సిన ప్రశ్నే కాదు. వడ్లకు పెట్టిన డబ్బు తవుడును వేడి చేసినా పోయిందే, చేయకపోయినా పోయిందే.