సగం కలిసింది, కానీ ఏ సగం?

మా పెద్దమ్మ కూతురు హైదరాబాద్‌లో ఒక సర్వీస్ కంపెనీలో మూడేళ్లుగా పనిచేస్తోంది. జాబ్ మారాలని ఈ మధ్య ఒక కెరీర్ కోచ్‌కి ఫీజు కట్టి, తన రెజ్యూమేతో పాటు తనకి బాగా నచ్చిన ఒక జాబ్ పోస్టింగ్ కూడా పంపింది. ఆవిడ తిరిగి రాసిన ఉత్తరం చదివి అక్క రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు నాకు ఫార్వర్డ్ చేసి, "నీకు ప్లేస్‌మెంట్స్ వస్తాయిగా, చదువుకో" అంది. అక్క పర్మిషన్‌తోనే దాని గురించి ఇక్కడ రాస్తున్నా. కంపెనీ పేర్లు, మనుషుల పేర్లు తీసేశాను.

ముందు పోస్టింగ్ ఏంటో చెప్తా. అది ఒక ప్రొడక్ట్ కంపెనీలో బ్యాకెండ్ డెవలపర్ జాబ్. అందులో అడిగినవి ఎనిమిది: జావా, స్ప్రింగ్ బూట్‌లో కనీసం రెండేళ్ల డెవలప్‌మెంట్, రెస్ట్ ఏపీఐ డిజైన్, డేటాబేస్, క్వెరీ ట్యూనింగ్, యూనిట్ టెస్టులు, గిట్, జెంకిన్స్, ప్రొడక్షన్‌లో వచ్చే సమస్యలు చూసుకోవడం, డాకర్, చివరగా కాఫ్కా, "ఉంటే మంచిది" అని.

అక్క చేసేది ప్రొడక్షన్ సపోర్ట్. అంటే నడుస్తున్న అప్లికేషన్ ఆగిపోతే, నెమ్మదిస్తే, తప్పు లెక్క చూపిస్తే టికెట్ వస్తుంది, ఆ టికెట్ క్లోజ్ చేయాలి. తన రెజ్యూమేలో జావా ఉంది, ఎస్‌క్యూఎల్ ఉంది, గిట్, జెంకిన్స్ ఉన్నాయి, ప్రొడక్షన్ ఉంది. ఎనిమిదిలో నాలుగు. "సగం కలిసిందిగా, మిగతా నాలుగు పదాలు కూడా స్కిల్స్‌లో పెట్టేసి అప్లై చేసేద్దామా?" అని కోచ్‌ని అడిగింది.

ఉత్తరం సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

"మీరు అన్నట్టు నాలుగు కలిశాయి. కానీ ఇది యాభై మార్కులొస్తే పాసయ్యే పరీక్ష కాదు. కలిసిన నాలుగు ఏవి, కలవని నాలుగు ఏవి అన్నది ఒకసారి చూడండి. కోడ్ ప్రొడక్షన్‌కి వెళ్లాక చేసే పనులు మీ దగ్గర ఉన్నాయి. వెళ్లకముందు చేసే పనులు లేవు. ఈ ఉద్యోగం పేరే డెవలపర్. బాధ్యతల్లో వాళ్లు రాసిన మొదటి వాక్యం, కొత్త సర్వీసులు డిజైన్ చేసి రాయాలి అని. అంటే మీ రెజ్యూమే ఈ ఉద్యోగంలోని రెండో సగానికి సరిపోతోంది. వాళ్లు మనిషిని వెతుకుతున్నది మొదటి సగానికి."

ఇది చదివాక నాకు అర్థమైంది, జేడీలో లైన్లన్నిటికీ ఒకే బరువు ఉండదని. బరువు ఎక్కడుందో ఎలా తెలుసుకోవాలో కూడా ఆవిడ రాశారు. ఉద్యోగం పేరులో, బాధ్యతల్లో, అర్హతల్లో మూడుచోట్లా తిరిగి తిరిగి వచ్చే విషయం అసలైనది. ఇక్కడ అది కొత్త ఏపీఐలు రాయడం. ఒక్కసారే, అదీ చివర్లో, "ఉంటే మంచిది" అని వచ్చేది లేకపోయినా నడుస్తుంది. కాఫ్కా అలాంటిదే. అక్క మాత్రం కాఫ్కా రాదని అన్నిటికంటే ఎక్కువ దిగులు పడింది, ఆ వారమే ఒక కోర్సు కూడా కొనేసింది!

తర్వాతి భాగం నాకు చాలా నచ్చింది. ఉత్తరం రాయడానికి ముందు కోచ్ అక్కతో గంటసేపు ఫోన్‌లో మాట్లాడారు. "మీకు ఏమేం వచ్చు?" అని అడగలేదు. "పోయిన ఏడాది మీరు క్లోజ్ చేసిన టికెట్లలో గుర్తుండిపోయినవి చెప్పండి" అన్నారు. అక్క ఒక రిపోర్ట్ గురించి చెప్పింది. రోజూ రాత్రి నడిచే ఆ రిపోర్ట్‌కి నలభై నిమిషాలు పట్టేది, పొద్దున బ్రాంచ్‌లు తెరిచేసరికి రెడీగా ఉండేది కాదు. అక్క క్వెరీ తీసి చూస్తే కండిషన్ ఇలా ఉంది:

```sql
WHERE DATE(created_at) = '2024-03-01'
```

డీబీఎంఎస్ క్లాసులో విన్నాం కదా, ఇండెక్స్ ఉన్న కాలమ్‌ని ఫంక్షన్‌లో చుట్టేస్తే మామూలు ఇండెక్స్ పనికిరాదు, డేటాబేస్ టేబుల్‌లోని వరసలన్నీ చదవాల్సి వస్తుంది అని. `EXPLAIN` పెట్టి చూస్తే అదే జరుగుతోంది. అక్క దాన్ని ఇలా మార్చింది:

```sql
WHERE created_at >= '2024-03-01'
  AND created_at <  '2024-03-02'
```

రిపోర్ట్ మూడు నిమిషాల్లో అయిపోయింది. మరి ఇదంతా రెజ్యూమేలో ఎలా ఉందో తెలుసా? "ఎస్‌క్యూఎల్ క్వెరీలు రాసి టికెట్లు పరిష్కరించుట." అంతే! పోస్టింగ్‌లో క్వెరీ ట్యూనింగ్ అని విడిగా అడిగారు, అక్క ఆ పనే చేసింది, కానీ కాగితం మీద లేదు.

ఇంకో టికెట్ గురించి మాట్లాడుతుంటే టెస్టుల సంగతి బయటపడింది. వాళ్ల టీమ్‌లో ఒక రూల్ ఉంది, జావా కోడ్‌లో బగ్ ఫిక్స్ చేస్తే ఆ బగ్‌ని పట్టుకునే జేయూనిట్ టెస్ట్ కూడా రాయాలి. లేకపోతే రివ్యూలో ఒప్పుకోరు. గత ఎనిమిది నెలల్లో అక్క పద్నాలుగు ఫిక్సులు చేసింది, అంటే పద్నాలుగు టెస్టులు కూడా రాసింది. కానీ "అది రూల్ కదా, చెప్పుకునేదేముంది?" అనుకుని వదిలేసింది.

దీన్నిబట్టి కోచ్ కలవని లైన్లని మూడు రకాలుగా విడదీశారు. చేసి కూడా రాయనివి మొదటి రకం. టెస్టులు, క్వెరీ ట్యూనింగ్ ఇందులోకి వస్తాయి, వీటిని ఈ రోజే సరిచేయొచ్చు. చేయలేదు గానీ కొన్ని వారాల్లో నేర్చుకోగలిగేవి రెండో రకం. డాకర్ ఇక్కడికొస్తుంది. ఒక చిన్న స్ప్రింగ్ బూట్ సర్వీస్ రాసి, డాకర్‌ఫైల్ పెట్టి, గిట్‌హబ్‌లో ఉంచొచ్చు. కానీ దాన్ని "సొంత ప్రాజెక్ట్" అన్న శీర్షిక కిందే రాయాలి, ఆఫీసు పనిలో కలపకూడదు. మూడో రకం, ఆ ఉద్యోగంలో ఉంటే తప్ప రానివి. రెండేళ్ల డెవలప్‌మెంట్, ఏపీఐ డిజైన్ ఈ రకం.

ఈ మూడో రకం దగ్గర ఉత్తరం కొంచెం కఠినంగా ఉంటుంది. అక్కని రెండు రోజులు మౌనంగా ఉంచింది ఇదేనేమో.

"జావా కలిసిందని మీరు లెక్కపెట్టారు. పదం కలిసింది, లైను కలవలేదు. వాళ్లు అడిగింది రెండేళ్ల డెవలప్‌మెంట్. మీరు జావా కోడ్ ముట్టుకున్నది ఎనిమిది నెలలు, అదీ వేరేవాళ్లు రాసిన కోడ్‌లో తప్పులు దిద్దడం. ఉన్న సర్వీస్‌కి ఒక ఎండ్‌పాయింట్ కలిపానని చెప్పారు. మంచిదే, ఆ మాటే రాయండి. ఏపీఐలు డిజైన్ చేశాను అని మాత్రం రాయకండి. ఎండ్‌పాయింట్‌కి ఆ పేరు ఎందుకు పెట్టారు, ఒకే రిక్వెస్ట్ రెండుసార్లు వస్తే ఏం చేశారు, రేపు వెర్షన్ మారిస్తే పాత యాప్‌ల సంగతేంటి అని అడుగుతారు. ఆ నిర్ణయాలు తీసుకున్నవాళ్లకే వాటికి జవాబులుంటాయి."

స్కిల్స్‌లో పదాలు పెట్టేద్దామా అన్న ప్రశ్నకి కూడా జవాబు ఇందులోనే ఉంది. ఆ పదాలు ఉంటే రిక్రూటర్ వెతికినప్పుడు మన రెజ్యూమే కనిపించొచ్చు. కానీ అదే కాగితం పట్టుకుని ఇంటర్వ్యూలో కూర్చునేది ఆ పని రోజూ చేసే ఇంజినీర్.

అక్క ఇంకో మాట కూడా అడిగిందట, "సపోర్ట్ ఇంజినీర్ అని కాకుండా బ్యాకెండ్ డెవలపర్ అని రాసుకోవచ్చా, మా వాళ్లంతా అలాగే చేస్తున్నారు" అని. కోచ్ వద్దన్నారు. ఆఫర్ వచ్చాక చాలా కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేయిస్తాయి. పాత కంపెనీ ఇచ్చే ఎక్స్‌పీరియన్స్ లెటర్‌లో సాధారణంగా డిజిగ్నేషన్ ఉంటుంది, తేదీలు ఉంటాయి. పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో చేరిన తేదీ, వదిలిన తేదీ ఉంటాయి. అప్పటికి ఇక్కడ రాజీనామా ఇచ్చేసి ఉంటాం. కొత్త కంపెనీ కాదంటే రెండు ఉద్యోగాలూ పోతాయి. అక్కకి ఇంటి లోన్‌లో సగం ఈఎంఐ కట్టే బాధ్యత ఉంది, అందుకే ఈ పేరా తను రెండుసార్లు చదివానని చెప్పింది.

మరి అప్లై చేయొద్దన్నారా? లేదు. రాయనివి రాసి, సర్దాక ఒకటి పంపి చూడమన్నారు. కాకపోతే దీని మీదే ఆశ పెట్టుకోవద్దని, కింది రెండు దారులూ చూడమని రాశారు. ఒకటి, ఇదే పనికి "ఒక ఏడాది" అడిగే పోస్టింగులు, లేదా సపోర్ట్, డెవలప్‌మెంట్ రెండూ కలిపి చేసే టీమ్‌లు. అలాంటిచోట అక్క దగ్గరున్న సగమే వాళ్లకి కావాల్సిన సగం అవుతుంది. రెండోది, ఉన్న కంపెనీలోనే డెవలప్‌మెంట్ ప్రాజెక్ట్‌కి మారడం. అలా మారితే డెవలప్‌మెంట్ ఏళ్లు నిజంగానే లెక్కలోకి వస్తాయి. ఇక నోటీస్ పీరియడ్ సంగతి. అక్కది తొంభై రోజులు, పోస్టింగ్‌లో ముప్పై రోజుల్లో చేరాలని ఉంది. అప్లికేషన్ ఫామ్‌లో అది అడిగితే, మిగతావన్నీ కలిసినా అక్కడే ఆగిపోవచ్చు. అక్క ఆ లైనే చూడలేదట.

ఉత్తరం చివర్లో ఒక పరిమితి కూడా ఒప్పుకున్నారు. పోస్టింగులు ఒక్కోసారి పాతవాటి నుంచి కాపీ చేసి పెడతారు. టీమ్‌కి నిజంగా ఏం కావాలో బయటివాళ్లకి పూర్తిగా తెలియదు. అందుకే వీలైతే ఆ టీమ్‌లో పనిచేసేవాళ్లని ఒకరినైనా అడగమన్నారు, "మీ రోజులో కొత్త కోడ్ ఎంత, పాత కోడ్ చూసుకోవడం ఎంత?" అని.

అక్క కాఫ్కా కోర్సు పక్కన పెట్టింది. రెజ్యూమేలో మొదటి లైన్ ఇప్పుడు ఇలా ఉంది: "నలభై నిమిషాలు పట్టే రాత్రి రిపోర్ట్‌ని క్వెరీ మార్చి మూడు నిమిషాలకి తగ్గించాను." ప్రాజెక్ట్ మారుస్తారా అని మేనేజర్‌ని అడిగింది, క్వార్టర్ అయ్యాక చూద్దాం అన్నారట. ఆ పోస్టింగ్‌కి కూడా పంపింది. జవాబు ఇంకా రాలేదు.

నేనూ నా రెజ్యూమే తీసి, పక్కన ఒక ఇంటర్న్‌షిప్ పోస్టింగ్ పెట్టుకుని, మూడు రకాలుగా గీతలు పెట్టాను. స్కిల్స్‌లో "మెషిన్ లెర్నింగ్" అని ఉంది. చేసింది థర్డ్ సెమ్‌లో ఒక్క ల్యాబ్ ఎక్స్‌పెరిమెంట్, అది కూడా ఫ్రెండ్ రికార్డ్ చూసి. ఆ పదం తీసేశాను. మన క్లబ్ ఫెస్ట్ రిజిస్ట్రేషన్ పేజీ నేనే రాశాను, రెండొందల మంది వాడారు. అది మాత్రం రెజ్యూమేలో ఎక్కడా లేదు.