ఆరు సెంటీమీటర్లను ఎలా పంచాలి?

కాలువ తవ్వే ముందు నేల ఎటు వాలుగా ఉందో కొలవాలి. అందుకోసం ఒక సర్వేయరు మూడు చోట్ల మేకులు దిగ్గొట్టాడనుకుందాం. వాటిని క, ఖ, గ అందాం. లెవెల్ పరికరంతో చూసి క కంటే ఖ 2.10 మీటర్లు ఎత్తులో ఉందనీ, ఖ కంటే గ 3.20 మీటర్లు ఎత్తులో ఉందనీ పుస్తకంలో రాసుకున్నాడు. లెక్క ప్రకారం పని అయిపోయింది. అయినా పని తెలిసినవాడు అక్కడితో ఆగడు. వేరే దారిన క నుంచి నేరుగా గ వరకు మళ్లీ కొలుస్తాడు. ఈసారి 5.36 వచ్చింది. మొదటి రెండూ కూడితే 5.30 మాత్రమే.

ఆరు సెంటీమీటర్లు తేలడం లేదు. పరికరం కాస్త వంగి ఉండొచ్చు, ఎండకు గాలి కదిలి స్టాఫ్ మీది అంకె అటూ ఇటూ కనిపించి ఉండొచ్చు. తప్పు ఏ కొలతలో ఉందో చెప్పలేం. మూడు కొలతలనూ గౌరవిస్తూ, వాటిని వీలైనంత తక్కువగా కదిలించి, ఒకదానితో ఒకటి పొసిగేలా చేయడం ఎలా? ఈ ప్రశ్నకు జవాబు జ్యామితిలో ఉంది.

మూడు కొలతలనూ మూడు విడి అంకెలుగా కాక, (2.10, 3.20, 5.36) అనే ఒకే బిందువుగా చూడండి. గది మూలలో నిలబడి ఒక గోడ వెంట 2.10, రెండో గోడ వెంట 3.20, పైకి 5.36 వెళ్తే చేరే చోటు అది. మూల నుంచి ఆ చోటికి గీసిన బాణమే మన సదిశ, అంటే వెక్టర్. పేరు b. కొలతల్లో ఏ దోషమూ లేకపోతే మూడో అంకె మొదటి రెండింటి మొత్తం కావాలి. ఆ షరతును పాటించే బిందువులన్నీ కలిసి, గది మూల గుండా పోయే ఒక వాలు పలకలా పరుచుకుంటాయి. ఇలాంటి పలకనే గణితంలో ఉపాంతరాళం అంటారు. మన b ఆ పలక మీద లేదు, కొంచెం పైకి తేలి ఉంది.

పలక మీద b కి అతి దగ్గరి చోటు ఏది? b నుంచి పలకకు లంబం దించితే అది తాకే చోటే. పలక మీద ఇంకే బిందువు తీసుకున్నా, అక్కడి నుంచి b కి గీసిన గీత ఒక లంబకోణ త్రిభుజంలో కర్ణమవుతుంది. కర్ణం ఎప్పుడూ లంబం కంటే పొడవే. ఆ తాకే చోటునే లంబ విక్షేపం అంటారు. మిట్టమధ్యాహ్నం ఎండ పలకకు నిటారుగా పడితే ఏర్పడే నీడ అనుకోవచ్చు.

ఇప్పుడు లంబాన్ని అంకెల్లోకి దించాలి. ఖ ఒక్కటే క కంటే మీటరు ఎత్తు, గ మాత్రం ఖ తో సమానమైతే మూడు కొలతలూ (1, 0, 1) అవుతాయి. గ మాత్రమే ఖ కంటే మీటరు ఎత్తయితే (0, 1, 1). ఈ రెండు సదిశలను తగిన పాళ్లలో కలిపితే పలక మీది ఏ చోటికైనా చేరుకోవచ్చు. వీటిని రెండు నిలువు వరసలుగా రాసిన మాత్రికే A. లంబం ఈ రెండు వరసలకూ లంబంగా ఉండాలి. ఆ ఒక్క మాటను సమీకరణంగా రాసి సాధిస్తే ఈ సూత్రం వస్తుంది:

```
P = A (AᵀA)⁻¹ Aᵀ
```

Aᵀ అంటే A లోని నిలువు వరసలను అడ్డు వరసలుగా తిప్పి రాసినది. పైన ఉన్న ⁻¹ విలోమానికి గుర్తు. మన A కి లెక్క కడితే P ఇలా ఉంటుంది:

```
        |  2  -1   1 |
P = 1/3 | -1   2   1 |
        |  1   1   2 |
```

మొదటి అడ్డు వరసను మన కొలతలతో గుణించి కూడదాం: 4.20 లోంచి 3.20 తీసేసి 5.36 కలిపితే 6.36, దాన్ని మూడుతో భాగిస్తే 2.12. అలాగే మిగతా రెండు వరసలు 3.22, 5.34 ఇస్తాయి. 2.12, 3.22 కూడితే సరిగ్గా 5.34. ఆరు సెంటీమీటర్లు మూడు కొలతలకూ రెండేసి చొప్పున పంచుకుపోయాయి. ఇదే P ని ఈ జవాబు మీద మళ్లీ ప్రయోగించినా అంకెలు కదలవు, పలక మీద ఉన్నదానికి నీడ అదే కనుక. ఏ మాత్రికైనా విక్షేప మాత్రికో కాదో చూడటానికి ఇదే మొదటి పరీక్ష: P ని P తో గుణిస్తే మళ్లీ P రావాలి. తిప్పి రాసినా మారకపోతే అది లంబ విక్షేపమే.

సర్వేకూ ఈ లెక్కకూ పాత చుట్టరికమే ఉంది. దోషాల వర్గాల మొత్తాన్ని అతి తక్కువ చేసే ఈ పద్ధతిని ఫ్రాన్సులో లెజాండ్ర్ 1805లో తోకచుక్కల కక్ష్యల గురించిన పుస్తకంలో ప్రచురించాడు. జర్మనీలో గౌస్ 1809లో తన పుస్తకంలో దాన్ని వివరించి, అంతకు ముందు నుంచే వాడుతున్నానన్నాడు. దాని మీద తగవు కూడా నడిచింది. ఆ తర్వాత గౌస్ హానోవర్ రాజ్యంలో స్వయంగా పొలాల వెంట తిరిగి త్రిభుజాల సర్వే చేశాడు. అప్పటికి మాత్రిక అన్న ఊహకు పేరే లేదు. లెక్క అదే, రాసే తీరు మాత్రం తర్వాత వచ్చింది.

సమానంగా పంచడం ఎప్పుడూ న్యాయం కాదు. క నుంచి గ కి వెళ్లిన దారి రెండు కిలోమీటర్లు, మిగతావి ఒక్కో కిలోమీటరు అయితే, పొడుగు దారిలో దోషానికి ఎక్కువ అవకాశం ఉంది. అప్పుడు కొలతలకు వేర్వేరు బరువులు ఇస్తారు. అంటే లంబం అన్న మాటకే కొలమానం మారుస్తారు. ఆ లెక్కన పొడుగు దారి మూడు సెంటీమీటర్లు, మిగతావి ఒకటిన్నర చొప్పున మోస్తాయి.

మరో చిక్కు తెలియకుండా వస్తుంది. తేడాలతో సరిపెట్టుకోకుండా క, ఖ, గ మూడింటి ఎత్తులనూ ఇవే కొలతల నుంచి రాబట్టాలనుకుంటే A లో మూడు నిలువు వరసలు ఉంటాయి. వాటిని కూడితే సున్నా వస్తుంది, దాంతో AᵀA కి విలోమం ఉండదు, సూత్రం నిలిచిపోతుంది. కారణం నేల మీదే ఉంది: మూడు మేకులనూ కలిపి పది మీటర్లు పైకెత్తినా తేడాలు మారవు. విచిత్రమేమిటంటే నీడ మాత్రం చెక్కుచెదరదు, పలక అదే కనుక. ఎత్తులు కావాలంటే ఒక మేకును, ఎత్తు ముందే తెలిసిన బెంచ్ మార్క్‌కు కట్టేయాలి.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది స్టాఫ్ మీద మీటరు తప్పు చదివినప్పుడు. 5.36 బదులు 6.36 అని రాశాడనుకోండి. తేడా 1.06 అవుతుంది. P దాన్ని కూడా మూడు సమ భాగాలు చేసి ఒక్కోదానికి 35 సెంటీమీటర్లు అంటగడుతుంది. తప్పు చేసినదీ చేయనిదీ ఒకేలా కనిపిస్తాయి. పలకకు లంబంగా ఉన్న దిశ ఒక్కటే కనుక, మిగులు ఎంతదైనా ఆ గీత మీదే పడాలి. ఎక్కడో తప్పుందని తెలుస్తుంది గానీ ఎక్కడో తెలియదు.

అదే క నుంచి గ వరకు ఇంకోసారి కొలిచి 5.36 తెచ్చుకుంటే, నాలుగు కొలతల మీద లెక్క వేరుగా తేలుతుంది. మొదటి రెండు కొలతలకు 22 సెంటీమీటర్ల చొప్పున, కొత్తదానికి 39 దాకా సవరణ పడుతుంది. తప్పు చదివిన 6.36 కి మాత్రం 61 సెంటీమీటర్లు. సర్వేయరు పుస్తకం తెరిచి ముందుగా ఆ పంక్తినే చూస్తాడు.